షాప్‌లో క్లిక్‌లు వస్తున్నాయి, ఆర్డర్లు రావడం లేదు: సమస్య - పరిష్కారం

సోషల్ మీడియాలో షాప్ తెరిచినవాళ్ల ఫిర్యాదు చాలావరకు ఒక్కటే: జనం చూస్తున్నారు, నొక్కుతున్నారు, కొనడం లేదు. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. చెక్అవుట్ యాప్‌లోనే పెట్టేద్దామా, సొంత వెబ్‌సైట్‌లో ఉంచుదామా అని. దానికి జవాబు వెతికే ముందు ఆర్డరు ఎక్కడ జారిపోతోందో పట్టుకోవాలి. తప్పు చాలాసార్లు యాప్‌దీ కాదు, వెబ్‌సైట్‌దీ కాదు, ఆ రెండింటినీ కలిపే అతుకుది.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. యాప్‌లోనే డబ్బు కట్టించుకునే సదుపాయం అన్ని దేశాల్లో లేదు. టిక్‌టాక్ షాప్ పూర్తిగా యాప్‌లోపలి చెక్అవుట్ మీదే నడుస్తుంది, అదీ కొన్ని దేశాల్లోనే. ఇన్‌స్టాగ్రామ్ 2019లో అమెరికాలో యాప్ చెక్అవుట్ మొదలుపెట్టింది. 2025 నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సొంతదారు మెటా తన షాపులను తిరిగి వ్యాపారి వెబ్‌సైట్ చెక్అవుట్ వైపు మళ్లిస్తోంది. పింటరెస్ట్‌లో పెట్టే కేటలాగ్, అంటే మీ వస్తువుల జాబితా, సాధారణంగా కొనేవారిని మీ సైట్‌కే పంపుతుంది. మీ దేశంలో, మీ అకౌంట్‌కు ఏది అందుబాటులో ఉందో సెట్టింగ్స్‌లో చూశాకే ఎంపిక గురించి ఆలోచించడం మంచిది.

లక్షణం: షాప్ రివ్యూలో ఆగిపోయింది, లేదా ప్రొడక్టులు రిజెక్ట్ అవుతున్నాయి

ఇది చూడ్డానికి పెద్ద సమస్య, తీర్చడానికి చిన్నది. మొదట డొమైన్, అంటే మీ సైట్ అడ్రస్, మీదేనని వెరిఫై అయిందో లేదో చూడండి. డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ రికార్డు పెట్టడమో, సైట్ హోమ్ పేజీలో మెటా ట్యాగ్ అతికించడమో చేస్తే సరిపోతుంది. తర్వాత సైట్ అందరికీ తెరిచి ఉందో లేదో చూడండి. కొత్తగా కట్టిన స్టోర్‌కు పాస్‌వర్డ్ తాళం తీయడం మరిచిపోతే, రివ్యూ చేసేవారికి కనిపించేది ఆ తాళమే.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా ప్రొడక్టులు తిరిగి వస్తుంటే, కేటలాగ్‌లోని ధరకూ పేజీలోని ధరకూ పొంతన ఉందో లేదో పోల్చి చూడండి. కేటలాగ్‌ను నింపే ఫైలునే ఫీడ్ అంటారు. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది:

```
id,item_group_id,title,availability,price,link
BAG-L,BAG,Canvas Bag Large,in stock,30.00 USD,https://example.com/bag?variant=L
```

పెద్ద సైజు సంచి ధర 30. కానీ `link` చివర `?variant=L` లేకపోతే పేజీ తెరవగానే చిన్న సైజు, దాని ధర 22 కనిపిస్తాయి. ఫీడ్ 30 అంటోంది, పేజీ 22 అంటోంది. రిజెక్ట్ కావడానికి అది చాలు. ఒకవేళ రివ్యూ దాటినా, కొనేవారికి మాత్రం అనుమానం వస్తుంది. ప్రతి సైజుకూ, ప్రతి రంగుకూ సొంత లింక్ ఇవ్వడమే దీనికి మందు. సైట్‌లో డిస్కౌంట్ మార్చి, ఫీడ్ అప్‌డేట్‌ను రోజుకొక్కసారికి వదిలేసినా ఇదే జరుగుతుంది. ఆఫర్ రోజుల్లో ఫీడ్‌ను గంటకోసారి తెచ్చుకునేలా షెడ్యూల్ మార్చండి.

లక్షణం: వెబ్‌సైట్ దాకా వస్తున్నారు, చెక్అవుట్‌లో మాయమవుతున్నారు

దీనికి కాస్త ఎక్కువ సమయం పెట్టాలి. యాప్‌లో లింక్ నొక్కితే తెరుచుకునేది ఫోన్‌లోని మామూలు బ్రౌజర్ కాదు, యాప్ లోపలే ఉండే చిన్న బ్రౌజర్. కొనేవారు మీ సైట్‌లో ఇదివరకే లాగిన్ అయి ఉన్నా, ఆ సంగతి దీనికి తెలియదు. సేవ్ చేసుకున్న అడ్రస్, కార్డు వివరాలు చాలాసార్లు ఇక్కడ కనిపించవు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వారంలో మామూలు బ్రౌజర్ నుంచి 50 మంది చెక్అవుట్ మొదలుపెట్టారు, 30 మంది డబ్బు కట్టారు. యాప్ లోపలి బ్రౌజర్ నుంచి 40 మంది మొదలుపెట్టారు, కట్టింది 6 మంది. వస్తువు అదే, ధర అదే, పేజీ అదే. మొత్తం కలిపి చూస్తే 90కి 36 అనే ఒక్క లెక్కే కనిపిస్తుంది, ఏదీ అర్థం కాదు. అందుకే అనలిటిక్స్‌లో ఈ రెండు గుంపులనూ విడగొట్టాలి. బ్రౌజర్ తనను తాను పరిచయం చేసుకునే యూజర్ ఏజెంట్ వాక్యంలో `Instagram` అని గానీ, ఫేస్‌బుక్ అయితే `FBAV` అని గానీ ఉంటే, అది యాప్ లోపలి బ్రౌజర్ అన్నమాట.

ఇప్పుడు ఆ 40 మంది ఒక్కో మెట్టు దగ్గర ఎంతమంది ఆగిపోయారో చూడండి. 22 మంది లాగిన్ స్క్రీన్ దగ్గరే వెనక్కి వెళ్లిపోయారు. 12 మంది పేమెంట్ దాకా వచ్చి ఆగారు. ఈ రెండింటికీ కారణాలు వేరు.

లాగిన్ దగ్గర ఆగిపోతే, ముందు అనుమానించాల్సింది గూగుల్ లాగిన్ బటన్‌ను. భద్రత కోసం గూగుల్ యాప్‌ల లోపలి బ్రౌజర్లలో తన లాగిన్‌ను అడ్డుకుంటుంది. అప్పుడు స్క్రీన్ మీద `disallowed_useragent` అనే ఎర్రర్ వస్తుంది. కొనేవారికి అది అర్థం కాదు, మీకు ఫోన్ చేసి చెప్పరు కూడా. లాగిన్ లేకుండా గెస్ట్‌గా కొనే దారి తెరవండి. అకౌంట్ తెరవమని అడగాలనుకుంటే డబ్బు కట్టాక అడగండి. చెక్అవుట్‌కు ముందే లాగిన్ తప్పనిసరి చేయడం, నా ఉద్దేశంలో, సోషల్ మీడియా నుంచి వచ్చేవారిని గుమ్మంలోంచే వెనక్కి పంపడం.

పేమెంట్ దగ్గర ఆగిపోతే, పేమెంట్ యాప్‌ను తెరిచే లింక్ పనిచేస్తోందో లేదో చూడండి. ఆండ్రాయిడ్‌లో ఆ లింక్‌ను లోపలి బ్రౌజర్ గుర్తుపట్టకపోతే తెల్ల పేజీ మీద `ERR_UNKNOWN_URL_SCHEME` అని వస్తుంది. బ్యాంకు ధ్రువీకరణ పేజీ కొత్త విండోలో తెరుచుకునేలా పెట్టి ఉంటే, ఆ విండో అసలు తెరుచుకోకపోవచ్చు. పేమెంట్ గేట్‌వేలో పాప్అప్ బదులు అదే పేజీ మీద రీడైరెక్ట్ అయ్యే పద్ధతి ఎంచుకోండి. పేమెంట్ యాప్ తెరుచుకోని సందర్భానికి కార్డు లాంటి ఇంకో మార్గం కూడా పక్కనే కనిపించాలి.

వీటిని కంప్యూటర్‌లో టెస్ట్ చేస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే లింక్‌ను ఆ యాప్‌లోనే మెసేజ్‌గా పంపించుకుని, అక్కడి నుంచే నొక్కి, చిన్న మొత్తానికి నిజంగా డబ్బు కట్టి చూడండి. ఆండ్రాయిడ్‌లో ఒకసారి, ఐఫోన్‌లో ఒకసారి. మీ సైట్‌లో ఎప్పుడూ లాగిన్ కాని ఫోన్ అయితే ఇంకా మంచిది.

లక్షణం: షాప్‌లో మూడు వస్తువులు ఎంచుకున్నారు, సైట్‌కు వచ్చేసరికి కార్ట్ ఖాళీ

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ షాపుల్లో వెబ్‌సైట్ చెక్అవుట్ పెట్టుకున్నప్పుడు, కార్ట్‌లో ఉన్న సరుకును మెటా ఒక లింక్‌లో కూర్చి మీ సైట్‌కు పంపుతుంది. అది దాదాపు ఇలా ఉంటుంది:

```
https://example.com/checkout?products=BAG-L:1,CUP-2:2&coupon=NEW10
```

ఈ లింక్‌ను చదివి కార్ట్ నింపాల్సింది మీ సైటే. అసలు లింక్‌లో కామా, కోలన్ గుర్తులు `%2C`, `%3A` అని మారి వస్తాయి, వాటిని కూడా సైట్ అర్థం చేసుకోవాలి. స్టోర్ సాఫ్ట్‌వేర్‌కు అధికారిక ప్లగిన్ ఉంటే ఈ పని అదే చూసుకుంటుంది. చేత్తో కట్టించుకున్న సైట్ అయితే డెవలపర్‌కు ఈ పని విడిగా చెప్పాలి.

అంతా కట్టినా కార్ట్ ఖాళీగా వస్తుంటే కేటలాగ్‌లోని `id`, సైట్‌లోని ఐడీ వేరువేరుగా ఉన్నాయేమో చూడండి. కేటలాగ్‌లో `BAG-L` ఉండి, సైట్ లోపల అదే వస్తువు నంబరు 4471 అయితే, ఆ సంచి ఏదో సైట్‌కు తెలియదు. ఈ తేడా వల్ల ఇంకో నష్టమూ ఉంది. సైట్‌లో ఎవరు ఏం చూశారో మెటాకు చెప్పే పిక్సెల్ అనే కోడ్ పంపే `content_ids` కూడా కేటలాగ్‌తో కలవవు కాబట్టి, ఎవరు ఏ వస్తువు చూశారో ప్రకటనల వ్యవస్థకు తెలియదు. ఇప్పటికే కొన్నవారికి అదే సంచిని మళ్లీ మళ్లీ చూపించవచ్చు. ఐడీలు సరిచేస్తే ఈ రెండు తలనొప్పులూ ఒకేసారి పోతాయి.

లక్షణం: యాప్ చెక్అవుట్‌లో ఆర్డర్లు బాగున్నాయి, అయినా టెన్షన్

యాప్‌లోనే కొనుగోలు పూర్తయితే పైన చెప్పిన బ్రౌజర్ గొడవలేవీ ఉండవు. వేరే గొడవలు ఉంటాయి. ఒకటి, చివరి ఒక్క పీస్ రెండు చోట్లా అమ్ముడుపోవడం. సైట్‌లో అమ్మినది యాప్‌కు తెలిసేలోపు అక్కడ ఇంకొకరు కొనేస్తారు. మీరు ఆర్డరు క్యాన్సిల్ చేస్తే అది మీ అకౌంట్ స్కోరుకు దెబ్బ. స్టాక్ సింక్ ఎంత తరచుగా జరుగుతోందో చూసుకుని, ఒకటి రెండు పీసులు యాప్‌కు చూపించకుండా పక్కన పెట్టుకోండి.

రెండోది డబ్బు. కొనేవారు కట్టిన వెంటనే అది మీ చేతికి రాదు, డెలివరీ అయ్యాక ప్లాట్‌ఫామ్ పెట్టుకున్న గడువు ప్రకారం వస్తుంది. సరుకు అప్పు మీద తెచ్చేవారు ఈ గడువు తెలుసుకోకుండా అడుగు వేయకూడదు. మూడోది, దారి మొత్తం ఒక్కరి చేతిలో ఉండటం. 2023 అక్టోబరులో ఇండోనేషియా కొత్త నిబంధనల వల్ల టిక్‌టాక్ షాప్ అక్కడ అమ్మకాలు ఆపేయాల్సి వచ్చింది. డిసెంబరులో అక్కడి ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ టోకోపీడియాతో కలిసి తిరిగి మొదలైంది. ఆ మధ్యకాలంలో వేరే దారి లేనివారికి అమ్మకమే లేదు.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి?

అతుకులు సరిచేశాక లెక్క వేయండి, ముందు కాదు. ఒక వస్తువు ధర 100, సరుకుకూ డెలివరీకీ 60 ఖర్చు అనుకుందాం. యాప్ కమిషన్ 8 పోతే మీకు మిగిలేది 32. వెబ్‌సైట్‌లో పేమెంట్ గేట్‌వేకు 3 పోతే మిగిలేది 37, కానీ సైట్‌కు నెలకు 150 ఖర్చు ఉంది. యాప్‌లో నెలకు 50 ఆర్డర్లు వస్తే మిగిలేది 1600. అంతే మిగలాలంటే వెబ్‌సైట్‌లో 48 ఆర్డర్లు కావాలి. 40 దగ్గరే ఆగితే మిగిలేది 1330, అంటే యాప్‌దే పైచేయి.

అయితే ఆ 40 మంది ఈమెయిల్, ఫోన్ నంబరు వారి అనుమతితో మీ దగ్గర ఉంటాయి. వారిలో 10 మంది ప్రకటన ఖర్చు లేకుండా మళ్లీ కొంటే ఇంకో 370 చేరి 1700 అవుతుంది. యాప్‌లో కొన్నవారూ మళ్లీ రావచ్చు, కానీ వారిని పిలవడానికి వారి ఈమెయిల్, ఫోన్ నంబరు మీ దగ్గర సాధారణంగా ఉండవు. కాబట్టి మళ్లీ మళ్లీ కొనే సరుకైతే వెబ్‌సైట్ వైపు మొగ్గండి. చూడగానే నచ్చి ఒక్కసారి కొనేసే చవక వస్తువైతే యాప్ చెక్అవుట్ మేలు. పేరు చెక్కించుకోవడం, కొలతలు ఇవ్వడం లాంటివి ఉన్న వస్తువులను మాత్రం లెక్కతో పనిలేకుండా వెబ్‌సైట్‌లోనే ఉంచండి. ఆ వివరాలన్నీ రాసుకునే చోటు యాప్ ఆర్డరు ఫారంలో సాధారణంగా ఉండదు. ఆర్డరు వచ్చాక ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టి అడగాల్సి వస్తుంది, జవాబు వచ్చేలోపు పంపాల్సిన గడువు దాటిపోతుంది.