ఏపీఐ ఆగితే చేత్తో పొజిషన్ మూసే పద్ధతి

మిర్యాలగూడలో ఇంటి నుంచే నిఫ్టీ ఆప్షన్లు బాట్‌తో నడుపుతాను. మొన్న పొద్దున సెషన్ మధ్యలో బ్రోకర్ ఏపీఐ ఆగింది. 120కి అమ్మిన కాల్ ఓపెన్‌లో ఉంది. ఎక్స్ఛేంజ్‌లో 160 ట్రిగ్గర్, 165 లిమిట్‌తో స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టి ఉంది. స్టాప్‌లాస్ కోడ్‌లోనే ఉంటే ఆ టైంలో మనకు రక్షణే లేదు.

ముందు బాట్ ఆపాను. లేదంటే కనెక్షన్ తిరిగి రాగానే అది పాత ఎగ్జిట్ మళ్లీ పంపొచ్చు. ప్రాసెస్‌ను `kill` చేస్తే systemd సర్వీస్‌లో పెట్టిన `Restart=always` వల్ల మళ్లీ లేస్తుంది, అందుకే:

```
sudo systemctl stop bot
```

తర్వాత ఫోన్‌లో బ్రోకర్ యాప్ తెరిచి పొజిషన్లు, పెండింగ్ ఆర్డర్లు రెండూ చూశాను. టైమవుట్ వచ్చిందంటే ఆర్డర్ పోలేదని కాదు, ఎక్స్ఛేంజ్‌కు చేరి ఉండొచ్చు.

అసలు కిటుకు ఇక్కడుంది. కొత్తగా బై ఆర్డర్ పెట్టలేదు. అలా పెడితే పాత స్టాప్‌లాస్ మిగిలిపోతుంది. ధర 160 తాకితే అదీ కొనేస్తుంది, అడగని లాంగ్ మన మెడకు చుట్టుకుంటుంది. ఉన్న స్టాప్‌లాస్‌నే మాడిఫై చేసి, అప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న ధరకు కాస్త పైన లిమిట్ ఆర్డర్‌గా మార్చాను. నిండింది, పొజిషన్ సున్నా అయింది.

హెడ్జ్ ఉంటే అమ్మిన లెగ్ ముందు కొనాలి, హెడ్జ్ తర్వాతే అమ్మాలి. తిప్పి చేస్తే మార్జిన్ అమాంతం పెరుగుతుంది.

యాప్ కూడా మొరాయిస్తే పనికొస్తుందని బ్రోకర్ డీలింగ్ డెస్క్ నంబరు, క్లయింట్ ఐడీ కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఫోన్‌లో కూడా "ఆ స్టాప్‌లాస్‌నే మాడిఫై చేయండి" అనే చెప్పాలి.