డిజిటల్ లాజిక్ - 4వ పాఠం: కె-మ్యాప్‌తో కుదించి, ట్రూత్ టేబుల్‌తో సరిచూసుకోవడం

పోయిన పాఠంలో ట్రూత్ టేబుల్ నుంచి ఎక్స్‌ప్రెషన్ రాయడం నేర్చుకున్నాం. అవుట్‌పుట్ 1 వచ్చిన ప్రతి వరుసకూ ఒక టర్మ్ రాసి, అన్నింటినీ ప్లస్‌తో కలిపాం. ఆ పద్ధతిలో తప్పు లేదు. కాకపోతే గేట్లు బోలెడు అవుతాయి. ఈ పాఠంలో ఆ పొడుగు ఎక్స్‌ప్రెషన్‌ను కె-మ్యాప్ అనే గళ్ల పట్టీలో వేసి కుదిస్తాం. కుదించాక అది పాతదానితో సమానమేనా అన్నది వరుస వరుసా సరిచూస్తాం. రెండో పని చేయకుండా పుస్తకం మూసేస్తే మొదటి పని సగమే చేసినట్టు. అలా ఎందుకు అంటున్నానో చివర్లో నా ల్యాబ్ అనుభవంతో చెబుతాను.

ఉదాహరణకు సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే తీసుకుందాం. ఒక్కో అంకెకూ ఏడు గీతలుంటాయి, వాటికి a నుంచి g వరకు పేర్లు. పై గీత a. అక్కడి నుంచి గడియారం తిరిగే దిశలో b, c, d, e, f, మధ్య గీత g. మనకు కావలసింది e, అంటే ఎడమవైపు కింది నిలువు గీత. కాగితం మీద 0 నుంచి 9 వరకు డిస్‌ప్లే అంకెలు గీసి చూడండి. e వెలిగేది 0, 2, 6, 8 లకు మాత్రమే.

ఈ గీతనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 6, 9 అంకెలను అందరూ ఒకేలా గీయరు. ఈ డిస్‌ప్లేను నడిపే 7447 చిప్‌లో 6కు పై గీత వెలగదు, 9కి కింది గీత వెలగదు. అందుకే a, d లకు ఒక్కో పుస్తకంలో ఒక్కో జవాబు కనిపిస్తుంది. e విషయంలో ఆ గొడవ లేదు.

ఇన్‌పుట్ నాలుగు బిట్లు: A, B, C, D. A విలువ 8, B విలువ 4, C విలువ 2, D విలువ 1. పక్కన కొట్టు గుర్తు ఉంటే (B' లాగా) దాని తలకిందులు అని అర్థం. పోయిన పాఠం పద్ధతిలో రాస్తే ఇలా వస్తుంది:

```
e = A'B'C'D' + A'B'CD' + A'BCD' + AB'C'D'
```

నాలుగు ఇన్‌పుట్ల యాండ్ గేట్లు నాలుగు, ఒక ఆర్ గేటు, నాలుగు ఇన్వర్టర్లు కావాలి. ఒక్క గీత వెలిగించడానికి ఇది చాలా ఎక్కువ.

నాలుగు బిట్లతో 16 కలయికలు వస్తాయి. మనం వాడేది 0 నుంచి 9 వరకే. 10 నుంచి 15 వరకు ఇన్‌పుట్‌గా ఎప్పుడూ రావు కాబట్టి అక్కడ అవుట్‌పుట్ ఏమైనా మనకు పట్టదు. వీటినే డోంట్ కేర్ అంటారు, గడిలో X అని రాస్తారు.

ఇప్పుడు పట్టీ గీద్దాం. అడ్డ వరుసలకు AB విలువలు, నిలువు వరుసలకు CD విలువలు పెట్టండి. రెండు వైపులా క్రమం 00, 01, 11, 10. మామూలు లెక్కింపులో 01 తర్వాత 10 రావాలి కదా, ఇక్కడ 11 వచ్చింది. ఈ పద్ధతి అంతా నిలబడింది ఈ ఒక్క మార్పు మీదే. 00 నుంచి 01కి ఒక బిట్టే మారుతుంది, 01 నుంచి 11కి ఒకటే, 11 నుంచి 10కి ఒకటే. చివరి 10 నుంచి మళ్లీ మొదటి 00కి వచ్చినా మారేది ఒకటే. అదే 01 పక్కన 10 పెడితే రెండు బిట్లూ ఒకేసారి మారిపోతాయి. 1952లో ఎడ్వర్డ్ వీచ్ ఇలాంటి గళ్ల పట్టీని ముందుకు తెచ్చారు. 1953లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన మారిస్ కార్నా దాన్ని ఈ క్రమంలోకి మార్చారు. కె-మ్యాప్‌లో కె ఆయన పేరే.

```
AB\CD   00   01   11   10
 00      1    0    0    1
 01      0    0    0    1
 11      X    X    X    X
 10      1    0    X    X
```

నింపేటప్పుడు ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టుకుంటూ పోకండి. ప్రతి గడికీ దాని తలపై ఉన్న బిట్లు, పక్కనున్న బిట్లు చదివి, ఆ సంఖ్య ఎంతో చూసి, అప్పుడు రాయండి. మొదటి అడ్డ వరుసలో గళ్లు 0, 1, 3, 2 అనే క్రమంలో ఉంటాయి. అడ్డ వరుసల్లోనూ అంతే: మూడోది 12తో మొదలవుతుంది, నాలుగోది 8తో.

పక్కపక్క గళ్లను కలిపితే ఏమవుతుందో చూడండి. 2వ గడి A'B'CD', దాని కింది 6వ గడి A'BCD'. రెండూ కలిపితే A'CD'(B' + B). బ్రాకెట్‌లో ఉన్నది ఎప్పుడూ 1 కాబట్టి B మాయమై A'CD' మిగిలింది. రెండు గళ్లు కలిస్తే ఒక అక్షరం పోతుంది, నాలుగు కలిస్తే రెండు, ఎనిమిది కలిస్తే మూడు. మూడు గళ్లనో ఆరు గళ్లనో కలిపితే ఇలా ఏ అక్షరమూ శుభ్రంగా పోదు, అందుకే ఆ గ్రూపులు చెల్లవు.

డోంట్ కేర్ లేకుండా, అంటే X అన్నీ 0 అనుకుంటే, మనకు రెండు జంటలు దొరుకుతాయి: 2తో 6, 0తో 8. 0, 8 గళ్లు పట్టీకి పైనా కిందా ఉన్నా పక్కపక్కవే. కింది అంచు చుట్టూ తిరిగి పై అంచును తాకుతుంది. జవాబు A'CD' + B'C'D'. ఇది కూడా ముందుదానికన్నా ఎంతో నయం.

ఇప్పుడు X లను వాడుకుందాం. కుడి చివరి నిలువు వరుస చూడండి: 2, 6, 14, 10. రెండు ఒకట్లు, రెండు X లు. నాలుగింటినీ ఒక గ్రూపు చేయండి. ఈ నాలుగు గళ్లలో A మారుతోంది, B మారుతోంది, C ఎప్పుడూ 1, D ఎప్పుడూ 0. కాబట్టి టర్మ్ CD'.

ఇంకా 0, 8 మిగిలాయి. వీటిని జంటగానే వదిలేయాలనిపిస్తుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాలుగు మూలలు చూడండి: 0, 2, 8, 10. పై అంచు కింది అంచును, ఎడమ అంచు కుడి అంచును తాకుతాయి కాబట్టి నాలుగు మూలలూ కలిసి ఒకే చదరం. 2 ముందే ఒక గ్రూపులో ఉంది, అయినా మళ్లీ వాడుకోవచ్చు. ఒకే గడిని రెండుసార్లు కప్పితే నష్టం లేదు. ఇక్కడ B ఎప్పుడూ 0, D ఎప్పుడూ 0. టర్మ్ B'D'.

```
e = B'D' + CD'
```

A పూర్తిగా పోయింది. D' బయటికి తీస్తే D'(B' + C). ఒక యాండ్, ఒక ఆర్, రెండు ఇన్వర్టర్లు చాలు. దీన్ని మాటల్లో చదివి చూడండి. D' అంటే సరి సంఖ్య. B' + C అంటే 'B 1, C 0' అనే కలయిక కాకూడదని. సరి అంకెల్లో ఆ కలయిక ఉన్నది 4 ఒక్కటే. అంటే సరి అంకె, కానీ 4 కాదు. 0, 2, 6, 8 సరిగ్గా అవే కదా! ఇలా మాటల్లో చదవగలిగిన జవాబు వచ్చినప్పుడు నాకు చాలా సంతోషం వేస్తుంది.

అయినా సంతోషం రుజువు కాదు. టేబుల్ వేయాలి. ఇందులో ఒక జాగ్రత్త: కావలసిన విలువల వరుసను మ్యాప్ చూసి రాయకండి, మొదట గీసిన అంకెల బొమ్మలు చూసి రాయండి. మ్యాప్ తప్పుగా నింపి ఉంటే, దాన్నే చూసి సరిపోల్చితే తప్పుకు తప్పు సరిపోతుంది. కావలసిన వరుసను ముందే రాసి చేత్తో మూసేయండి. తర్వాత ఒక్కో టర్మ్‌కు ఒక నిలువు వరుస నింపండి. చివరికి చెయ్యి తీసి పోల్చండి.

```
అంకె  ABCD  B'D'  CD'   e   కావలసింది
 0    0000   1    0    1      1
 1    0001   0    0    0      0
 2    0010   1    1    1      1
 3    0011   0    0    0      0
 4    0100   0    0    0      0
 5    0101   0    0    0      0
 6    0110   0    1    1      1
 7    0111   0    0    0      0
 8    1000   1    0    1      1
 9    1001   0    0    0      0
```

పదికి పది సరిపోయాయి. మిగతా ఆరింటికీ ఏమొస్తుందో కూడా లెక్కగట్టండి. 10, 14 గళ్లను గ్రూపుల్లోకి తీసుకున్నాం కాబట్టి అక్కడ e వెలుగుతుంది, 11, 12, 13, 15 లో వెలగదు. X అని రాసినంత మాత్రాన సర్క్యూట్‌లో X ఉండదు, 0 గానీ 1 గానీ ఖాయంగా వస్తుంది. ఇన్‌పుట్‌లో 10 ఎప్పటికీ రాదన్న మాట నిజమైతేనే ఈ కుదింపు చెల్లుతుంది. ఆ కలయికల్లో డిస్‌ప్లే చీకటిగా ఉండాలని ఎవరైనా అడిగితే X లు తీసేసి 0 లు పెట్టి, పైన చెప్పిన A'CD' + B'C'D' కే వెళ్లాలి.

ఇక ల్యాబ్ సంగతి. డిప్లొమా చదివేటప్పుడు నేను ఇదే e గీతకు పట్టీ తలలు 00, 01, 11, 10 అని సరిగ్గానే రాశాను. గళ్లు మాత్రం 0, 1, 2, 3 అని వరసగా నింపుకుంటూ పోయాను. గ్రూపులు చక్కగా కుదిరాయి, జవాబు CD + AD' + B'C'D' వచ్చింది. చూడటానికి ఏ అనుమానమూ రాదు. బ్రెడ్‌బోర్డ్ మీద 6 ఇస్తే 5 కనిపించింది. వైర్లు లూజయ్యాయని టెన్షన్‌తో గంటన్నర వెతికాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి.

ఆ జవాబుకు టేబుల్ వేసి చూడండి. తప్పులు నాలుగు వరుసల్లో వస్తాయి: 2, 3, 6, 7. 2లో 1 రావాల్సిన చోట 0, 3లో 0 రావాల్సిన చోట 1. 6, 7 లోనూ అదే తీరు. పై గీత వెలిగే 6లో e ఆరిపోతే మిగిలేది 5 ఆకారమే, నాకు కనిపించింది అదే. ఇలా పక్కపక్క అంకెల విలువలు ఒకదానికొకటి మారిపోయి ఉంటే గ్రూపులను తిట్టుకోకండి, 11, 10 నిలువు వరుసలు తారుమారయ్యాయని అర్థం. తప్పు ఒక్క వరుసలోనే ఉంటే ఏదో ఒక 1ని కప్పడం మరిచిపోయారు, లేదా గ్రూపులోకి ఒక 0 వచ్చింది. రావాల్సిన 1 రాకపోతే మొదటిది, రాకూడని 1 వస్తే రెండోది.

ఒక చిక్కు కూడా ఉంది. నేను అడ్డ వరుసల్లోనూ అదే తప్పు చేశాను: 8, 9 లను 12, 13 ఉండాల్సిన చోట వేశాను. కానీ 8, 9 వరుసలు టేబుల్‌లో సరిగ్గానే వచ్చాయి, ఎందుకంటే AD' గ్రూపు ఆ X లను కలుపుకుని రెండు అడ్డ వరుసలనూ కప్పేసింది. టేబుల్ మొత్తం సరిపోతే ఎక్స్‌ప్రెషన్ సరైనదే. టేబుల్‌లో ఒక తప్పు దొరికితే మాత్రం ఆ ఒక్కటే దిద్ది ఊరుకోకుండా పట్టీ మొత్తం మళ్లీ నింపండి.

వచ్చే పాఠానికి ముందు b గీత చేసి ఉంచండి, పై గీతకు కుడివైపు కిందికి దిగేది. అది 5, 6 లకు తప్ప అన్ని అంకెలకూ వెలుగుతుంది. X లు వాడుకుంటే జవాబులో మూడు టర్మ్‌లు వస్తాయి, వాటిలో ఒకటి ఒకే ఒక్క అక్షరం. ఆ అక్షరం రావాలంటే ఎనిమిది గళ్ల గ్రూపు దొరకాలి. అది పట్టీలో పై అడ్డ వరుసా కింది అడ్డ వరుసా కలిసినది.