ఏసీ రిటర్న్ పెడితే "మోడల్ మ్యాచ్ కాలేదు" అని రిజెక్ట్ అవుతుందా? బయట యూనిట్ ప్లేటు ఫొటో తీశారా ముందు

ఎండాకాలం మొదలైతే ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే గొడవ. కొత్త స్ప్లిట్ ఏసీ బిగిచ్చారు, కూలింగ్ సరిగా లేదు, మార్చమని క్లెయిమ్ పెట్టారు, బిల్లు ఫొటో పెట్టారు, ఏసీ ఫొటో పెట్టారు, రెండ్రోజులకి "బిల్లులో మోడల్, ఫొటోలో మోడల్ ఒకటి కాదు" అని క్లోజ్ చేసేశారు. వెంటనే షాపోడి మీదకి గొడవకి పోతారు. పోబాకండి. ముందు మీరు పంపిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకొని అక్షరం అక్షరం చదవండి, క్లెయిమ్ చూసేవాళ్ళు చేసేది కూడా అంతే, వాళ్ళకి మీ ఇల్లు కనపడదు, ఆ రెండు ఫొటోలే కనపడతాయి.

ముందు బిల్లులో మోడల్ నంబరు ఏదో తేల్చుకోండి

బిల్లు మీద నంబర్లు చాలా ఉంటాయి. 8415 అని కనపడితే అది మోడల్ కాదు, జీఎస్టీ కోసం ఏసీలకి వేసే హెచ్‌ఎస్‌ఎన్ కోడు, ఏ కంపెనీ ఏసీకైనా అదే ఉంటది. 890తో మొదలయ్యే పదమూడంకెల నంబరు ఉంటే అది బార్‌కోడ్ నంబరు. ఆన్‌లైన్‌లో కొన్న బిల్లు అయితే అమ్మేవాళ్ళు సొంతంగా పెట్టుకున్న కోడు కూడా వస్తువు పేరు పక్కనే ఉంటది, అది ఏసీ ప్లేటు మీద, అంటే మోడల్, సీరియల్ నంబర్లు రాసి యూనిట్‌కి అంటిచ్చిన స్టిక్కరు మీద, వెతికినా యాడా దొరకదు. వివరణ గడిలో అక్షరాలు అంకెలు కలిసి ఉండి, ప్లేటు మీద మోడల్ అని రాసినదానితో ఒకే వరసలో నడిచేది మోడల్ నంబరు. దాని కింద పొడుగ్గా ఉండేవి సీరియల్ నంబర్లు. స్ప్లిట్ ఏసీకి ఇవి రెండు ఉండాలి, లోపలి దానికొకటి, బయట దానికొకటి. మీ బిల్లులో ఒకటే ఉంటే క్లెయిమ్ పెట్టకముందే షాపుకి పోయి రెండూ వేసిన బిల్లు అడగండి.

ఇంక బిల్లు థర్మల్ పేపర్ మీద ఇచ్చుంటే కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి. మన ఎండలకి బీరువాలో పెట్టినా అక్షరాలు పోతాయి, జాగ్రత్త కోసమని లామినేషన్ చేపిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లగా అయిపోద్ది.

అసలు కారణం: మీరు తీసింది లోపలి యూనిట్, బిల్లులో ఉంది బయట యూనిట్

ఇది చాలా మందికి తెలీదు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. స్ప్లిట్ ఏసీ అంటే మనకి ఒకటే వస్తువు గానీ కంపెనీ లెక్కలో రెండు. గోడ మీద తెల్లటి యూనిట్‌కి ఒక మోడల్ నంబరు, మేడ మీద స్టాండులో పెట్టే కంప్రెసర్ యూనిట్‌కి ఇంకో మోడల్ నంబరు. చాలా కంపెనీల్లో రెండిటికీ ముందు భాగం ఒకటే ఉండి చివర ఒకట్రెండు అక్షరాలు మాత్రం మారతాయి. బిల్లు కొట్టే కుర్రోడు ఏ పెట్టె మీద బార్‌కోడ్ స్కాన్ చేస్తే ఆ మోడలే బిల్లులోకి వచ్చుద్ది. చాలాసార్లు అది బయట యూనిట్ పెట్టె. మనమేమో మంచం మీద నిలబడి గోడ మీదున్న యూనిట్ ఫొటో తీసి పంపిస్తాం, ఎందుకంటే మేడెక్కాలంటే ఎండ. క్లెయిమ్ చూసే మనిషికి చివరి అక్షరం తేడా కనపడుద్ది, రిజెక్ట్ కొడతాడు.

ఇంతవరకైతే బయట యూనిట్ ప్లేటు ఫొటో పంపితే సరిపోయేది. కానీ మమ్మల్ని బాగా ఏడిపిచ్చేది దీని వెనకాల దాక్కోని ఉండే ఇంకో సంగతి, గోడౌన్లో జత మారిపోవడం. సీజన్లో గోడౌన్లో మూడు స్టార్ పెట్టెలు, ఐదు స్టార్ పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి, ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే టన్ను. ఆటోలో ఎక్కిచ్చేవాడు లోపలి యూనిట్ ఐదు స్టార్‌ది, బయట యూనిట్ మూడు స్టార్‌ది ఎక్కిస్తాడు. స్టార్ లేబుల్ అంటిచ్చి ఉండేది లోపలి యూనిట్‌కి, కాబట్టి ఇంట్లోవాళ్ళకి ఐదు స్టార్లే కనపడతాయి, అనుమానం రాదు. బిగిచ్చే మెకానిక్ కూడా ఒకే కంపెనీ కదా అని పైపులు కలిపేసి పోతాడు.

కావలి పక్క ఊర్లో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో ఇదే జరిగింది. మోడల్ నంబర్లు ఇక్కడ అర్థమయ్యేదానికి మార్చి రాస్తున్నాను, కంపెనీని బట్టి చివరి అక్షరాలు వేరేగా ఉంటాయి.

```
బిల్లులో మోడల్        : VS18T5-C
లోపలి యూనిట్ ప్లేటు   : VS18T5-E
బయట యూనిట్ ప్లేటు   : VS18T3-C
```

మాస్టారు మొదటిసారి పంపింది బిల్లు, లోపలి ప్లేటు. చివర C, E తేడా చూసి రిజెక్ట్ చేశారు. నిజానికి ఆ తేడా తప్పు కాదు, ఒకటి బయటది, ఒకటి లోపలిది, రెండూ ఒకే సెట్టు. ఆయన అదే ఫొటోని ఇంకా క్లియర్‌గా తీసి మళ్ళీ పంపారు, మళ్ళీ రిజెక్ట్. ఎంత క్లియర్‌గా తీసినా అది లోపలి యూనిట్టే కదా. "సార్, పైకెక్కి బయట ప్లేటు ఫొటో తియ్యండి" అంటే, "ఎందుకయ్యా, రెండూ ఒకే పెట్టె సరుకే గదా" అన్నారు. తీరా వాళ్ళబ్బాయి ఎక్కి తీసి పంపితే మధ్యలో 5 ఉండాల్సిన చోట 3 ఉంది. బిల్లులో రాసిన బయట యూనిట్ సీరియల్ నంబరు, ప్లేటు మీద సీరియల్ నంబరు కూడా కలవలేదు. అంటే ఆయన డబ్బులు కట్టిన బయట యూనిట్ ఆయన ఇంటికి రానే లేదు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏందంటే, మాస్టారు క్లెయిమ్ పెట్టింది "పాడైన వస్తువు" అని. పెట్టాల్సింది "వేరే వస్తువు ఇచ్చారు" అని. పాడైంది అంటే కంపెనీ మెకానిక్‌ని పంపిస్తారు, ఆయన వచ్చి గ్యాస్ చూసి ఫిల్టర్ కడిగి బాగానే ఉంది అని రాసి పోతాడు, మీ రిటర్న్ గడువు కూడా ఈలోపు అయిపోద్ది. వేరే వస్తువు అంటే అమ్మినవాళ్ళే జవాబు చెప్పాలి, బిల్లులో సీరియల్ నంబరే వాళ్ళకి ఎదురు సాక్ష్యం. మాస్టారు ఆ క్లెయిమ్ మూసేసి కొత్తగా సరైన కారణంతో పెట్టారు, బయట యూనిట్ మార్చి ఇచ్చారు.

ఫొటోలు ఎట్టా తియ్యాలి

నాలుగు ఫొటోలు చాలు. బిల్లు మొత్తం నాలుగు మూలలూ కనపడేటట్టు ఒకటి. లోపలి యూనిట్ ప్లేటు ఒకటి, ఇది కింద వైపో కుడి పక్కనో ఉంటది, కొన్నిటికి ముందు మూత ఎత్తితే కనపడుద్ది. బయట యూనిట్ ప్లేటు ఒకటి, ఇది ఎక్కువగా రాగి పైపులు తగిలిచ్చే వైపు ఉంటది. నాలుగోది బయట యూనిట్ మొత్తం, ప్లేటు కూడా కనపడేటట్టు, కొంచెం దూరం నుంచి. ఈ నాలుగోది ఎందుకంటే ఒట్టి ప్లేటు ఫొటో చూస్తే అది ఏ యూనిట్‌దో, ఎవరింట్లోదో చెప్పలేం, "ఇది మీ ఏసీదే అని గ్యారంటీ ఏంది" అని అడిగే అవకాశం వాళ్ళకి ఇవ్వకూడదు.

ప్లేటుకి మరీ దగ్గరగా ఫోన్ పెడితే మసకగా వచ్చుద్ది, జానెడు దూరంలో పెట్టి రెండింతలు జూమ్ చెయ్యండి. ఫ్లాష్ వెయ్యబాకండి, మెరిసే స్టిక్కరు మీద తెల్లమచ్చ సరిగ్గా నంబరు మీదే పడుద్ది, చీకటిగా ఉంటే ఇంకో ఫోన్ టార్చి పక్క నుంచి కొట్టండి. మేడ మీద ఎండ నేరుగా పడే టైములో కాకుండా పొద్దున్నే తియ్యండి.

వాట్సాప్‌లో షాపుకి పంపేటప్పుడు మామూలు ఫొటోలాగా పంపితే సైజు తగ్గిచ్చేస్తది, అప్పుడు 8 కి B కి, సున్నాకి O కి తేడా తెలవదు. డాక్యుమెంట్‌గా పంపండి, తీసినది తీసినట్టే పోద్ది. క్లెయిమ్ పేజీలో నంబరు టైపు చెయ్యమంటే ఫొటో చూసి కొట్టబాకండి, ప్లేటు చూసి ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొట్టండి.

పంపే ముందు పైన నేను రాసినట్టే ఒక కాగితం మీద మూడు మోడల్ నంబర్లు ఒకదాని కింద ఒకటి రాసుకోండి. చివరి అక్షరం ఒక్కటే తేడా ఉంటే అది లోపల, బయట గుర్తు కావచ్చు, పెట్టెల మీద కూడా అట్టాగే ఉందేమో చూడండి, ఉంటే క్లెయిమ్‌లో ఆ సంగతి ఒక వాక్యం రాయండి: "బిల్లులో ఉన్నది బయట యూనిట్ మోడల్, దాని ప్లేటు మూడో ఫొటోలో ఉంది" అని. మధ్యలో అంకె తేడా ఉంటే మాత్రం జత మారినట్టే అనుకొని సీరియల్ నంబర్లు కూడా చూడండి. సీరియల్ కలిసి మోడల్ కలవకపోతే బిల్లు కొట్టడంలో తప్పు, షాపు వాళ్ళు బిల్లు సరిచేసి ఇస్తే అయిపోద్ది. మోడల్ కలిసి సీరియల్ కలవకపోతే వేరే వాళ్ళ పెట్టె మీకు వచ్చింది, ఇది వదిలెయ్యబాకండి, రేపు వారంటీ అడిగితే ఆ సీరియల్ ఇంకొకరి పేరు మీద ఉంటది.

మిగతావి

పాత మోడల్ స్టిక్కరు మీద కొత్తది అంటిచ్చి అమ్మారు, డిస్‌ప్లేలో పెట్టిన పీసు ఇచ్చారు అని కొంతమంది అంటారు. ఉండొచ్చు గానీ చాలా అరుదు, స్టిక్కరు అంచు లేచి కింద ఇంకోటి కనపడితే తప్ప దాని జోలికి పోవద్దు.

అన్నీ సరిగ్గా పెట్టినా షాపు వాళ్ళు పలకకపోతే 1915 కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న వస్తువు వెనక్కి తీసుకోవడానికి బిల్లు మీద గడువు రాసుంటే ఆ గడువు, ఏమీ రాయకపోతే 30 రోజులు, ఆ లోపల వెనక్కి తీసుకొని డబ్బులు ఇవ్వనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి కిందకి వచ్చుద్ది. కాబట్టి క్లెయిమ్ పెట్టిన తేదీ కనపడే స్క్రీన్‌షాట్ కూడా ఆ నాలుగు ఫొటోల పక్కన దాచుకోండి.

బయట యూనిట్ స్టిక్కరు ఎండకి తెల్లబడి చదవడానికి రాకపోతే పెట్టె మీద లేబుల్ పనికొచ్చుద్ది, అందుకే గడువు అయ్యేదాకా రెండు పెట్టెలూ పాత సామాన్లోడికి వెయ్యబాకండి. పెట్టె కూడా లేకపోతే బిగిచ్చిన మెకానిక్ రాసిచ్చిన జాబ్ కార్డు చూడండి, అందులో రెండు సీరియల్ నంబర్లు రాసి మీ సంతకం తీసుకొని ఉంటారు.