చదువు బల్లకు దీపం కొనే ముందు జాగ్రత్తలు

• పెట్టె మీద ‘ఫ్లికర్ ఫ్రీ’ అని ఉన్నంత మాత్రాన నమ్మకుండా, దుకాణంలోనే దీపం వెలిగించి ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో చూడాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి అందని ఆ మినుకు తెరపై కదిలే చారలుగానో, వెలుగు ఎగసిపడుతున్నట్టుగానో కనబడుతుంది. కొన్ని దీపాలు వెలుగును వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తాయి కాబట్టి, పూర్తి వెలుగులో బాగున్న దీపాన్ని కనిష్ఠ స్థాయిలోనూ తప్పక పరీక్షించాలి. అతివేగపు మినుకు మాత్రం ఫోన్‌కు చిక్కకపోవచ్చు.

• ల్యూమెన్లు దీపం వెదజల్లే మొత్తం కాంతిని చెబుతాయి; పుస్తకం మీద పడేది లక్స్. దూరం పెరిగే కొద్దీ అది దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది కనుక, 30 సెంటీమీటర్ల వద్ద 500 లక్స్ ఇచ్చే దీపాన్ని 40 సెంటీమీటర్ల ఎత్తున నిలిపితే పేజీకి అందేది సుమారు 280 మాత్రమే. దూరం చెప్పని లక్స్ అంకెను పోల్చి లాభం లేదు.

• కెల్విన్ అంకె రంగును చెబుతుందే తప్ప వెలుగును కాదు. 6500 కెల్విన్ల నీలి తెలుపు ఎక్కువ వెలుగున్నట్టు భ్రమ కలిగిస్తుంది. పగటి చదువుకు 4000, రాత్రికి 3000 దగ్గర ఉంచుకోవడం నా దృష్టిలో మేలు.