పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టినా టీవీలో పెద్దల సినిమాలు తెరుచుకుంటుంటే

బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉండే మా అక్కవాళ్ల ఇంట్లో టీవీ ఒకటే, నెట్‌ఫ్లిక్స్ ఖాతా కూడా ఒకటే. అక్కకు, బావగారికి, అనంతపురం నుంచి వచ్చి నెలల తరబడి ఉండే మా అమ్మకు తలా ఒక ప్రొఫైల్ ఉంది. పదమూడేళ్ల అబ్బాయికి, ఏడేళ్ల పాపకు కలిపి పిల్లల ప్రొఫైల్ ఒకటి పెట్టారు. అయినా పాప ఒక రోజు క్రైమ్ సీరియల్లోని హత్య గురించి అన్నం తింటూ అడిగేసరికి అక్క కంగారుపడి నాకు ఫోన్ చేసింది. ఆ ఇంట్లో ఏమేం దొరికాయో, వాటిని ఎలా సరిచేశామో వరుసగా రాస్తున్నాను. చాలా ఇళ్లలో ఇవే లోపాలు ఉంటాయి.

సమస్య: పిల్లల ప్రొఫైల్ ఉన్నా పిల్లలు పెద్దల ప్రొఫైల్లోకి వెళ్లిపోతున్నారు

ముందుగా తేల్చుకోవలసింది వాళ్లు ఏ ప్రొఫైల్లో చూశారన్నది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి `netflix.com/account` లోకి వెళ్లి, Profiles కింద ఒక్కో పేరునూ ఎంచుకుని Viewing activity చూస్తే, ఆ ప్రొఫైల్లో ఏ తేదీన ఏం చూశారో జాబితా కనిపిస్తుంది. పాప అడిగిన సీరియల్ మా అమ్మ ప్రొఫైల్లో బయటపడింది. తేదీ చూస్తే ఆ వారమంతా అమ్మ అనంతపురంలోనే ఉంది. పాపను మెల్లగా అడిగితే, "అమ్మమ్మ బొమ్మ నొక్కితే నంబర్ అడగదు కదా!" అంది.

కారణం అదే. పిల్లల ప్రొఫైల్ అనేది దాని లోపల ఏం కనిపించాలో మాత్రమే నిర్ణయిస్తుంది. పక్కనున్న ప్రొఫైళ్ల తలుపు అది మూయదు. టీవీలో యాప్ తెరవగానే అన్ని బొమ్మలూ ఒకే వరుసలో కనిపిస్తాయి గనుక, తాళం లేని బొమ్మ ఒక్కటి ఉన్నా మిగిలినవాటికి వేసిన తాళాలు వృథా అవుతాయి. అక్క, బావగారు తమ ప్రొఫైళ్లకు పిన్ పెట్టుకున్నారు గానీ, అమ్మకు నంబరు గుర్తుపెట్టుకోవడం కష్టమని ఆమెది వదిలేశారు.

పరిష్కారం ఏమిటంటే, పెద్దల ప్రొఫైల్ ప్రతిదానికీ తాళం ఉండాలి. అదే ఖాతా పేజీలో ఆ ప్రొఫైల్‌ను ఎంచుకుని Profile Lock నొక్కితే ముందు ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది, తరువాత నాలుగు అంకెల పిన్ పెట్టుకోవచ్చు. మరిచిపోయినా భయం లేదు, పాస్‌వర్డ్ ఉంటే ఇదే చోట మార్చుకోవచ్చు. అమ్మ విషయంలో మేము ఇంకో దారి కూడా ఆలోచించాం: తాళం వేయకుండా, ఆ ప్రొఫైల్ వయసు పరిమితిని తగ్గించడం. ఆమె చూసేవి కుటుంబ కథలే గనుక ఆమెకు పెద్ద తేడా ఉండదు. కానీ ఒక పాత సినిమాకు ఎక్కువ వయసు వర్గం ఉండి అది కనిపించకపోతే ఆమె ఇబ్బంది పడుతుందని, చివరికి పిన్నే పెట్టి, ఆమె ఏనాడూ మరవని పాత ఇంటి నంబరును ఇచ్చాం. పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు, పిల్లలు మొదట ప్రయత్నించేది అదే. చాలా టీవీల్లో పిన్ కొట్టేటప్పుడు తెర మీద అంకెల పెట్టె వచ్చి, రిమోట్ కదిపిన కొద్దీ వెలుగుతున్న గడి ఒక అంకె నుంచి మరో అంకెకు జరుగుతూ కనిపిస్తుంది. నక్షత్రాల వెనుక అంకె దాగినా ఆ కదలికను పాప చూడగలదు. అందుకే పిల్లలు హాల్లో లేనప్పుడే కొట్టాలి.

సమస్య: తాళాలన్నీ వేసినా కొత్త ప్రొఫైల్ ఒకటి పుట్టింది

నాలుగు ఉండవలసిన చోట ఐదు బొమ్మలు కనిపించాయి. ఐదోది అబ్బాయి తయారుచేసుకున్నది. ఒక ఖాతాలో ఐదు ప్రొఫైళ్ల వరకు పెట్టుకోవచ్చు గనుక, ఒక్క ఖాళీ ఉన్నా టీవీ తెర మీదే Add Profile కనిపిస్తుంది. దాన్ని నొక్కి, పిల్లల కోసమన్న ఎంపికను వదిలేస్తే పెద్దల ప్రొఫైల్ సిద్ధమవుతుంది. దీన్ని ఆపడానికి ఖాతాలోని మొదటి ప్రొఫైల్ తాళం పేజీలోనే, కొత్త ప్రొఫైల్ చేర్చాలంటే పిన్ అడగాలన్న గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయడం చాలామంది మరిచిపోతారు. తాళం పెట్టినంత ముఖ్యమైన పని ఇది.

అయితే అబ్బాయి అలా ఎందుకు చేశాడన్నది మాకు అసలు ప్రశ్నగా తోచింది.

సమస్య: పిల్లల ప్రొఫైల్లో తెలుగు సినిమా వెతికితే దొరకడం లేదు

పిల్లల ప్రొఫైల్ పరిమితి పాప కోసం U/A 7+ దగ్గర ఆగింది. మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీలో వచ్చేవాటికి U, U/A 7+, U/A 13+, U/A 16+, A అనే వర్గాలు ఉన్నాయి. ఫైట్లు ఉన్న మామూలు తెలుగు సినిమా కూడా తరచుగా U/A 13+ లో పడుతుంది, అందువల్ల అబ్బాయి తోటివాళ్లు మాట్లాడుకునే సినిమా ఏదీ వాడికి కనిపించలేదు. వాడిది మొండితనం కాదు, మనం వేసిన గీత వాడి వయసుకు సరిపోలేదు.

ఇది నిజంగా పరిమితి వల్లనే వచ్చిందో కాదో తేల్చడం సులువు. అదే పేరును పెద్దల ప్రొఫైల్లో వెతకండి. అక్కడ దొరికి, దాని వివరాల్లో రాసిన వర్గం పిల్లల పరిమితిని దాటి ఉంటే కారణం పరిమితే. అక్కడా దొరకకపోతే ఆ సినిమా ఈ సర్వీసులో లేదని అర్థం, సెట్టింగులు తిప్పి లాభం లేదు.

అందువల్ల వాడు చేసుకున్న ఐదో ప్రొఫైల్‌ను తీసేయకుండా దాన్నే వాడికి ఇచ్చాం. ఖాతా పేజీలో ఆ ప్రొఫైల్ తాలూకు వయసు పరిమితిని U/A 13+ కు తగ్గించి, అక్క వద్దనుకున్న రెండు సీరియళ్ల పేర్లను విడిగా నిషేధించాం. పిల్లల ప్రొఫైల్ పాపకు మిగిలింది. ఐదూ నిండిపోవడంతో Add Profile కూడా తెర మీద నుంచి పోయింది.

సమస్య: పిన్ అడగకుండానే పెద్దల ప్రొఫైల్ తెరుచుకుంటోంది

ఇది అప్పుడప్పుడు మాత్రమే జరిగితే, రాత్రి చూసి టీవీని అలాగే ఆపేశారేమో గమనించండి. రిమోట్‌లోని పవర్ బటన్ చాలా టీవీలను పూర్తిగా ఆపదు, నిద్రపుచ్చుతుంది; మరుసటి రోజు యాప్ వదిలిన చోటనే, ఆ ప్రొఫైల్లోనే లేస్తుంది. బావగారి అలవాటు ఇదే. ఆపేముందు ప్రొఫైళ్ల తెర దాకా వెనక్కి వచ్చి, ఆపైన యాప్ నుంచి బయటపడితే సరిపోతుంది. టీవీ సెట్టింగుల్లో త్వరగా మొదలయ్యే సదుపాయం ఉంటే దాన్ని తీసేయడం ఇంకా మంచిది.

సమస్య: పెద్దల వరుసలో ఇంకా కార్టూన్లే వస్తున్నాయి

పాప నెలల తరబడి అమ్మ ప్రొఫైల్లో చూసిన బొమ్మల వల్ల, అమ్మకు సూచనలన్నీ వాటి పోలికతోనే వస్తున్నాయి. Viewing activity జాబితాలో ఒక్కో పేరు పక్కనున్న గుర్తును నొక్కి దాచేయాలి. అన్ని పరికరాల్లోనూ అది అమలు కావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు గనుక, వెంటనే మారలేదని మళ్లీ మళ్లీ నొక్కనవసరం లేదు.

ఒకటి మాత్రం ఈ తాళాలకు అందదు. టీవీ హోమ్ తెర మీద వచ్చే సూచనల వరుస, పక్కనున్న యూట్యూబ్ యాప్ ఈ ఖాతాకు బయటివి. వాటికి టీవీలోని పిల్లల పరిమితులను విడిగా పెట్టుకోవాలి. అక్కవాళ్ల టీవీలో ఆ పని వచ్చే ఆదివారం చేయబోతున్నాం.