హోం డెలివరీ ఛార్జీ: దూరాన్ని బట్టి ఎంత పెట్టాలి?

విజయవాడ కృష్ణలంకలో మాది చిన్న కిరాణా షాపు. డెలివరీ మొదలుపెట్టిన కొత్తలో ఎంత దూరమైనా 20 రూపాయలే తీసుకునేవాళ్లం. ఆర్డర్లు బాగానే వచ్చాయి, కానీ నెలాఖరుకు చేతిలో మిగిలింది ఏమీ లేదు. అప్పుడు కూర్చుని లెక్క వేసుకున్న పద్ధతి ఇది. అంకెలు మావి, వాటి చోట మీవి వేసుకోండి.

1. నిమిషం ఖర్చు, కిలోమీటరు ఖర్చు తెలుసుకోండి

డెలివరీ కుర్రాడి జీతం 13,000, పని రోజులు 26. అంటే రోజుకు 500. రోజులో నిజంగా బండి మీద తిరిగేది ఆరు గంటలు అనుకుంటే, నిమిషానికి దాదాపు 1.40 పడుతుంది. స్కూటర్ ఊళ్లో లీటరుకు 40 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 110 చొప్పున పెట్రోలుకే కిలోమీటరుకు 2.75. టైర్లు, ఆయిలు, సర్వీసింగు కలుపుకుని 4 రూపాయలు వేసుకున్నాను.

ఇక ఆర్డరు ఎక్కడిదైనా తప్పని ఖర్చు ఒకటుంది. లిఫ్ట్ కోసం ఆగడం, డబ్బులు తీసుకోవడం, చిల్లర వెతకడం, అన్నీ కలిపి ఆరు నిమిషాలు. సంచి 4 రూపాయలు. రెండూ కలిపితే 12. పక్క వీధికి వెళ్లినా ఈ 12 పోతాయి.

దారి ఖర్చు లెక్కేసేటప్పుడు తిరుగు ప్రయాణాన్ని మరిచిపోతాం. ఊళ్లో కిలోమీటరుకు మూడు నిమిషాలు పడుతుంది. ఇల్లు ఒక కిలోమీటరు దూరంలో ఉంటే రానూపోనూ రెండు కిలోమీటర్లు, ఆరు నిమిషాలు. పెట్రోలు, జీతం కలిపి సుమారు 16 రూపాయలు. కాబట్టి ఒక ఆర్డరుకు ఖర్చు:

```
12 + 16 × దూరం (కి.మీ.)
```

2. వలయాలు కాదు, దారులు చూడండి

నేను మొదట షాపు మధ్యలో పెట్టి మ్యాపు మీద వలయాలు గీశాను. నది అవతలి తాడేపల్లి రెండో వలయంలోకి వచ్చి కూర్చుంది! అక్కడికి వారధి మీదుగానో, బ్యారేజీ మీదుగానో చుట్టి వెళ్లాలి కదా. అందుకే ఫోన్ మ్యాపులో బండి దారి దూరమే చూడండి.

దూరాన్ని బట్టి పేటలను జోన్లుగా విడగొట్టేటప్పుడు హద్దును కూడా సరిగ్గా 2.0 కిలోమీటర్ల దగ్గర గీయకండి. ఒకే వీధిలో ఒకరికి 25, పక్కింటికి 40 అంటే "మా ఇల్లేమన్నా వేరే ఊళ్లో ఉందా అండీ?" అని అడుగుతారు. అడిగితే మన దగ్గర జవాబుండదు. బందరు రోడ్డు, కాలువ, హైవే లాంటి అందరికీ కనిపించే గీతల దగ్గర హద్దు పెట్టి, జోన్లో ఏయే పేటలు వస్తాయో పేర్లతో రాసిపెట్టండి.

3. జోన్‌కు సగటు దూరం తీసి, రేటు కట్టండి

2 కిలోమీటర్ల జోన్‌కు సగటు ఒక కిలోమీటరు అనుకోవడం పొరపాటు. దూరం పెరిగేకొద్దీ చుట్టూ ఇళ్లూ పెరుగుతాయి కాబట్టి సగటు బయటి అంచు వైపు జరుగుతుంది. మీ పాత బిల్లుల్లోంచి తీయండి. మా మూడు జోన్లకు వరుసగా 1.3, 3.1, 5 కిలోమీటర్లు వచ్చాయి. ఒక్కో ఆర్డరుకు విడిగా వెళితే ఖర్చు 33, 62, 92.

మొదటి రెండు జోన్లకూ ఉదయం 11కు, సాయంత్రం 5కు మాత్రమే బండి కదలాలని పెట్టాం. రెండు ఆర్డర్లు కలిసి వెళ్లడంతో దారి ఖర్చు సగమై, ఆర్డరుకు 22, 37 దగ్గరికి దిగింది. ఛార్జీ 25, 40 పెట్టాం. ఆ పైన మిగిలే రెండుమూడు రూపాయలు తలుపు తాళం వేసి ఉండి రెండోసారి వెళ్లాల్సిన ఇళ్లకు సరిపోతాయి.

మూడో జోన్‌కు 92 అంటే ఎవరూ కొనరు. అక్కడ బిల్లు కనీసం 1,500 ఉండాలని, ఛార్జీ 60 అని పెట్టాం. మిగతా 32 సరుకు లాభంలోంచి వస్తుంది. పది శాతం మిగిలితే 150 కాబట్టి ఇబ్బంది లేదు. కానీ బియ్యం బస్తా, నూనె డబ్బాలే ఉన్న ఆర్డరులో అంత మిగలదు. అలాంటిదానికి 90 చెప్పేయండి.

4. నెలకోసారి సరిచూడండి

వసూలైన ఛార్జీలు ఒక పక్క, జీతం, పెట్రోలు, సంచుల ఖర్చు ఇంకో పక్క రాయండి. ఆర్డరు ఆర్డరుకూ లెక్క సరిపోయినా నెలకు చాలకపోతే, కుర్రాడు ఖాళీగా ఉంటున్నాడని అర్థం. ఆరు గంటలనుకున్నది మూడే తిరిగితే నిమిషం ఖర్చు 2.80 అవుతుంది. దానికి రేటు పెంచితే ఉన్న ఆర్డర్లు కూడా తగ్గుతాయి. మేమైతే మధ్యాహ్నం అతనికి పప్పుల ప్యాకింగ్ అప్పగించి, ఆ గంటల జీతాన్ని షాపు ఖర్చులో రాసుకుంటున్నాం.