సెలవులకు ముందు డైమండ్లను రూపాయల్లోకి మార్చి చూడండి

పోయిన వారం మా కావలిలో, పక్కింట్లో మిషను కుట్టే అత్త బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకొచ్చింది. "అబ్బయా, ఈ 89 ఏందో చూడు, మళ్లీ మళ్లీ పోయుండాది." లెక్కపెడితే 41 సార్లు, మొత్తం 3,649 రూపాయలు. ఎవడో దొంగ లాగేశాడనుకుంది. దొంగ ఎనిమిదో తరగతి, ఇంట్లోనే ఉన్నాడు, ఫోన్ ఆటలో డైమండ్లు కొన్నాడు. పాల ప్యాకెట్లకు పంపిస్తూ పిన్ను ఆమే చెప్పింది.

వేసవి సెలవులొస్తున్నాయి. ఫోన్ ఇవ్వొద్దని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. నేను చూసిన ఇళ్లన్నిట్లో ఒకటే తప్పు: ధరను డైమండ్లలో చూడటం.

ఆ పిల్లాడి ఆటలో 60 డైమండ్లు 89 రూపాయలు, 600 అయితే 849. వాడికి కావాల్సిన తుపాకీ రంగు 680. 600 ప్యాకు కొన్నా 80 తక్కువ. ఒక 60 కొంటే ఇంకా 20 తక్కువ, అందుకని మరో 60. అంటే 1,027 రూపాయలు కట్టాక 40 మిగులుతాయి. ఆ నలభైకి ఏమీ రాదు. కానీ బహుమతి కోసం చక్రం తిప్పే స్పిన్ను 60 కదా, ఇంకో 20 ఉంటే తిప్పొచ్చు. ఇరవై విడిగా అమ్మరు, మళ్లీ 89. ప్యాకులూ ధరలూ పొంతన లేకుండా పెట్టేది ఈ మిగులు కోసమే అని నా అనుమానం. వాడు 1,027 ఖర్చు పెట్టానని అనుకోడు, 680 డైమండ్లకి రంగు కొన్నానంటాడు.

స్పిన్ను ఇంకా చెడ్డది. "50 తిప్పితే ఖాయం" అని రాసుంటే ఒక్క స్పిన్ను ధర చూడొద్దు, యాభయ్యోది దాకా లెక్కేయండి. 3,000 డైమండ్లు, అంటే పెద్ద ప్యాకులు ఐదు, 4,245 రూపాయలు.

ఇప్పుడే ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి Settings లో Purchase verification తెరిచి, ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టండి. Payments & subscriptions లో Budget & history చూడండి. అక్కడ పెట్టే బడ్జెట్ హెచ్చరిస్తుందే గానీ డబ్బు ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు.

పిన్ను మార్చండి. పాలకు చిల్లర ఇవ్వండి. కార్డు ఫోన్లో దాచొద్దు. పొరపాటున కొంటే 48 గంటల్లోపే ప్లే స్టోర్‌లో రీఫండ్ అడగండి. ఆ తరవాత ఆట తయారుచేసినవాళ్లనే అడుక్కోవాలి, వాడేసిన డైమండ్లకు ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. మొదటిసారి కొంటే డబుల్ డైమండ్లు అంటే రెండోసారి ఉండదని. సగం ధరకే డైమండ్లు వేస్తామని ఆట ఐడీ, పాస్‌వర్డ్ అడిగేవాణ్ని బ్లాక్ చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పిల్లాడు "నలభయ్యే మిగిలాయి" అంటే, ఎన్ని రూపాయలు కట్టాక మిగిలాయో వాడి చేతే కాగితం మీద రాయించండి.